వారం రోజుల కబురు

ఉద్యోగ పర్వంలోని రాయబార ఘట్టాలను పాతికేళ్ళకు పైగా విద్యార్థులకు పాఠంగా చెప్పాను. దూత ఎలా మాట్లాడాలి, ఏ మాట ముందు చెప్పాలి, ఎవరికి చెప్పాలి అని తిక్కన పద్యాలు ముందు పెట్టుకొని గంటల తరబడి వివరించాను. అటువంటి నేను, మనుమరాలు వారం రోజులు బడి బస్సు ఎక్కదన్న చిన్న కబురును సరిగా చేరవేయలేకపోయాను. ఆ సంగతి ఇప్పుడు తలచుకున్నా సిగ్గుగానే ఉంటుంది.

2024 నవంబరు నెల. మేము హనుమకొండలో ఉంటున్నాం. నాలుగవ తరగతి చదువుతున్న మా మనుమరాలు మా దగ్గరే పెరుగుతున్నది. ఒక ఆదివారం సాయంత్రం అది మేడమెట్లు దిగుతూ జారింది. చీలమండ బెణికి వాచింది. ఎముకకు దెబ్బ తగలలేదనీ, బడికి పంపవచ్చుననీ, అయితే వారం రోజులు ఎత్తైన మెట్లు ఎక్కనీయవద్దనీ వైద్యుడు చెప్పాడు. బస్సు మెట్టు ఎత్తు. పైగా పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కుతారు. కాబట్టి ఆ వారం ఉదయం, సాయంత్రం నేనే స్కూటరు మీద తీసుకొనిపోవాలని నిశ్చయించుకున్నాం.

సోమవారం ఉదయం నయీంనగర్‌లో బస్సు ఆగే చోటికి వెళ్ళి డ్రైవరుతో, “ఒక వారం పాప బస్సులో రాదు బాబూ” అన్నాను. అతడు “మంచిది సార్” అని తల ఊపాడు. నా బాధ్యత తీరిందనుకున్నాను. నిజానికి ఆ మాట అతని జ్ఞాపకంలో తప్ప మరెక్కడా నమోదు కాలేదు. సోమ, మంగళవారాలలో బస్సులోని ఆయమ్మ పాప కోసం చూసినప్పుడు అతడే ఆమెకు సర్ది చెప్పాడట.

బుధవారం ఆ డ్రైవరు సెలవు పెట్టాడు. మరొకరు వచ్చారు. ఆ సాయంత్రం నేను బడి గేటు దగ్గర మనుమరాలిని ఎక్కించుకొని, కాలికి కట్టు మార్పించడానికి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. ఫోను స్కూటరు డిక్కీలోనే ఉండిపోయింది. బయటికి వచ్చి చూసుకుంటే బడి నుంచి వచ్చిన ఆరు పిలుపులు కనిపించాయి. వెంటనే ఫోను చేశాను. అవతల ఆయమ్మ గొంతు వణుకుతున్నది. “పాప మీతోనే ఉన్నదా సార్?” అన్నది. ఉన్నదన్నాను. కొంతసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు.

ఆ మౌనానికి కారణం తరువాత తెలిసింది. బస్సు జాబితాలో ముప్పై ఎనిమిది పేర్లున్నాయి. కూర్చున్నవారు ముప్పై ఏడుగురు. తరగతి ఉపాధ్యాయురాలిని అడిగితే పాప ఆనాడు బడికి వచ్చిందని హాజరుపట్టీ చూపించింది. బడికి వచ్చిన పిల్ల బస్సులో లేదు. మరి ఎక్కడ ఉన్నట్టు? గ్రంథాలయం, ఆటస్థలం, మరుగుదొడ్లు అన్నీ వెదికారు. బస్సు ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. అంతసేపూ ముప్పై ఏడు ఇళ్ళవాళ్ళు వీధి మొగలో నిలబడి ఎదురుచూశారు. ఆ ఆందోళనకు కారణం నేను.

మరునాడు ఉదయమే రవాణా ఇన్‌ఛార్జి గారిని కలిసి ఒక ఉత్తరం ఇచ్చాను. రాత్రి కూర్చొని ఒకటిన్నర పుటలు రాశాను. పాప పడిన తీరు, వైద్యుని సలహా, నా విచారం, క్షమాపణ అన్నీ అందులో ఉన్నాయి. ఆయన ఓపికగా చివరి దాకా చదివి, “సార్, ఉదయం మాత్రమే రాదా, సాయంత్రం కూడా రాదా?” అని అడిగారు. రెండు పూటలా రాదన్నాను. “మళ్ళీ ఏ రోజు నుంచి వస్తుంది? సాయంత్రం ఎవరు తీసుకొనిపోతారు?” అని మళ్ళీ అడిగారు. ఒకటిన్నర పుటలలో ఈ మూడింటికీ జవాబు లేదు.

తరువాత ఆయన చెప్పిన మాటలు నాకు కొత్త పాఠమయ్యాయి. ఉదయం పిల్ల రాకపోతే పెద్ద చిక్కేమీ లేదు. ఆమె ఎక్కవలసిన చోట బస్సు ఒకటి రెండు నిమిషాలు ఆగి సాగిపోతుంది. అప్పటికి పిల్ల ఇంటివారి సంరక్షణలోనే ఉంటుంది. సాయంత్రం సంగతి వేరు. అప్పుడు పిల్ల బడి సంరక్షణలో ఉంటుంది. జాబితాలోని పేరుకు లెక్క తేలకుండా బస్సు కదలకూడదు. పిల్ల బడికే రాకపోతే హాజరుపట్టీ చూసి తెలుసుకోవచ్చు. బడికి వచ్చి బస్సు మాత్రం ఎక్కని పిల్ల విషయంలో ఆ పట్టీ కూడా దారి తప్పిస్తుంది. అందుకే బడికి సెలవు వేరు, బస్సుకు సెలవు వేరు. రెండవది విడిగా చెప్పి తీరవలసిందే.

“వారం” అన్న మాట కూడా ఆయనకు చాలలేదు. మన భాషలో వారం అంటే ఏడు రోజుల కాలమూ అవుతుంది, సోమవారం మంగళవారం వంటి ఒక్క రోజూ అవుతుంది. సోమవారం నాడు “ఒక వారం రాదు” అంటే శనివారంతో ముగుస్తుందా, వచ్చే సోమవారం కూడా అందులో చేరుతుందా? వినేవాడు ఊహించుకోవలసిందే. తేదీలు వేస్తే ఊహతో పని లేదు. నిఘంటువులు తిరగేసే నాకు ఈ సంగతి మరొకరు చెప్పవలసి వచ్చింది!

అక్కడే కూర్చొని ఉత్తరం తిరిగి రాశాను. మొదట పాప పేరు, తరగతి, విభాగం, బస్సు నంబరు, ఎక్కే చోటు వేశాను. ఆ కింద ఇలా రాశాను:

“మా మనుమరాలు ఈ నెల 18 సోమవారం నుంచి 23 శనివారం వరకు ఉదయం, సాయంత్రం కూడా బడి బస్సులో ప్రయాణించదు. బడికి మాత్రం రోజూ వస్తుంది. కాలు బెణికినందువల్ల ఈ ఏర్పాటు చేసుకున్నాం. సాయంత్రం తాతగారినైన నేనే గేటు దగ్గర తీసుకొంటాను. 25 సోమవారం ఉదయం నుంచి ఎప్పటివలె బస్సులో వస్తుంది. ఇందులో ఏ మార్పు ఉన్నా ఆ రోజు మధ్యాహ్నంలోగా మీకు తెలియజేస్తాను.”

కింద సంతకం, ఫోను నంబరు. అంతే. ఈ ఉత్తరం సోమవారం ఉదయమే ఇచ్చి ఉంటే బుధవారం నాటి గొడవ జరిగేది కాదు. ఇన్‌ఛార్జి గారు దానిని బస్సు రిజిస్టరులో నమోదు చేసి, ఒక చీటీ ఆయమ్మకు, మరొకటి తరగతి ఉపాధ్యాయురాలికి పంపారు. ఇక ఏ డ్రైవరు సెలవు పెట్టినా కబురు మాత్రం సెలవు పెట్టదు. మధ్యాహ్నంలోగా అన్న గడువు కూడా ఆయన చెప్పిందే. బస్సు బయలుదేరే వేళకు వచ్చిన కబురును ఆ సందడిలో అందరికీ అందించడం సాధ్యం కాదట.

లంక నుంచి తిరిగి వచ్చిన హనుమంతుడు సముద్రాన్ని దాటిన కథతో మొదలుపెట్టలేదు. సీత కనిపించిందన్న సంగతిని ముందు చెప్పాడు. ఎదురుచూసేవారి ప్రాణాలు ఏ మాట కోసం తపిస్తున్నాయో ఆయనకు తెలుసు. ఆ ఘట్టాన్ని కొనియాడుతూ పాఠం చెప్పిన నేను, నా ఉత్తరాన్ని మేడమెట్ల దగ్గర మొదలుపెట్టాను.

25వ తేదీ ఉదయం మనుమరాలితో కలిసి బస్సు కోసం నిలబడ్డాను. తలుపు తెరుచుకోగానే ఆయమ్మ కిందికి దిగి పాప చెయ్యి పట్టుకున్నది. తన చేతిలోని కాగితం చూసి, పేరుకు ఎదురుగా గీత గీసింది. బుధవారం నాటి సంగతికి ఆమెను క్షమాపణ అడిగాను. ఆమె నవ్వి, “పిల్ల దొరికింది, అదే చాలు సార్” అన్నది.