చిక్కడపల్లి లైబ్రరీలో ఒక సిరీస్

అశోక్ నగర్‌లో రూములో ఉంటున్న మా తమ్ముడు నిన్న చిక్కడపల్లి లైబ్రరీ బయట టీ తాగుతూ ఒక సిరీస్ ఇచ్చాడు: 5, 9, 36, 52, 177, 213, తర్వాతేంటి?

తేడాలు రాశాను: 4, 27, 16, 125, 36. మొదటి రెండూ చూసి 2², 3³ కాబట్టి తర్వాత 4⁴ అనుకున్నా. కానీ అక్కడ 256 లేదు, 16 ఉంది. తేడా పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతోందంటే రెండు రూల్స్ వంతులవారీగా నడుస్తున్నట్టే. ఒకటి విడిచి ఒకటి చదివితే 4, 16, 36 వర్గాలు. 27, 125 ఘనాలు. బేస్‌లు మాత్రం వరుసగా 2, 3, 4, 5, 6.

నేను హుషారుగా తర్వాతి వర్గం 64 కలిపి 277 అన్నా. "అన్నా, ఇప్పుడు వంతు ఘనానిది" అన్నాడు. 7³ అంటే 343, జవాబు 556. ఆప్షన్లలో 277 కూడా ఉందట, దొంగలు!