పదిహేడు మంది ఎందుకు తప్పారు?

వనపర్తిలోని ఒక బి.ఎడ్. కాలేజీకి నేను వెళ్లిన శనివారం రెండో ఏడాది విద్యార్థులంతా తిరిగొచ్చి ఉన్నారు. వారమంతా బడుల్లో పాఠాలు చెప్పి, వారాంతంలో రాసింది చూపించుకోవడానికి వచ్చారు. గద్వాల వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో చెబుతున్నవాళ్లు కొందరు, నాగర్‌కర్నూల్, అచ్చంపేట వైపు నుంచి వచ్చినవాళ్లు ఇంకొందరు. లెసన్ ప్లాన్లు, అబ్జర్వేషన్ రికార్డులు ఒకవైపు పేర్చారు. నేను చూడాలని వచ్చింది రెండోవైపున్న పల్చటి కట్టను. అవి రిఫ్లెక్టివ్ వ్యాసాల చిత్తుప్రతులు.

పైనుంచి ఓ పది చదివాను. దాదాపు అన్నీ ఒకే తీరులో మొదలయ్యాయి. మొదటి రోజు పాఠశాలకు వెళ్లాము, ప్రధానోపాధ్యాయులు సాదరంగా ఆహ్వానించారు, తరగతులు కేటాయించారు. తర్వాత వారం పాఠం చెప్పాను, పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు. ఆ తర్వాత స్లిప్ టెస్ట్ పెట్టాను, కొందరికి మార్కులు తక్కువ వచ్చాయి. చివరగా, ఈ అనుభవం నాకు ఎన్నో విషయాలు నేర్పింది. ఏం నేర్పిందో మాత్రం ఎవరూ రాయలేదు.

అందులో ఈ విద్యార్థుల తప్పు కన్నా అలవాటు పాలే ఎక్కువ. 2014 ఎన్‌సీటీఈ నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్ల కోర్సయింది. బడిలో గడపాల్సిన కాలం 20 వారాలైంది, అందులో 16 రెండో ఏడాదిలోనే. ఆ వారాలన్నిటికీ రాసే రికార్డుల్లో తేదీ, పీరియడ్, పాఠం, సంతకం వరుసగా ఉండాల్సిందే. చేశామనడానికి అవే సాక్ష్యం. చేతికి అలవాటైన ఆ వరుసే వ్యాసంలోకీ వచ్చేస్తోంది. కానీ రికార్డు అడిగేది ఏం జరిగిందని. వ్యాసం అడిగేది అలా ఎందుకు జరిగిందని, ఆ సంగతి మీకెలా తెలుసని. తేదీల వరుసలో రాసుకుంటూ పోతే ఈ ప్రశ్న ఎక్కడా ఎదురు కాదు. ఎందుకంటే ప్రతి వాక్యానికీ పక్క వాక్యంతో ఉన్న సంబంధం 'తర్వాత' ఒక్కటే.

ఆ గదిలో వాళ్ల వ్యాసాలు చూసే మేడం చేయించే మొదటి పని నాకు బాగా నచ్చింది. ఎవరి వ్యాసం వాళ్లు తీసి, ప్రతి పేరాలో మొదటి వాక్యాన్ని మాత్రమే వేరే కాగితం మీద రాసుకోవాలి. ఆ వాక్యాలను వరసగా పైకి చదవాలి. విన్నవాళ్లకు టైంటేబుల్ విన్నట్టుంటే అది కథనం. ఒక వాదన ముందుకు సాగినట్టుంటే విశ్లేషణ. ఆ రోజు చదివినవాళ్లలో ఎక్కువమందికి టైంటేబులే వచ్చింది.

గద్వాల వైపు బడిలో ఆరో తరగతికి లెక్కలు చెబుతున్న ఒక ఛాత్రోపాధ్యాయురాలి వ్యాసం మీద మేడం ఎక్కువ సేపు కూర్చున్నారు. ఆమె భిన్నాలు చెప్పింది. రెండు పీరియడ్లు కాగితాలు మడిపించి సగం, పావు చూపించింది. ఏది పెద్దదని అడిగితే తరగతి మొత్తం సరిగ్గా చెప్పింది. రెండు రోజుల తర్వాత స్లిప్ టెస్ట్‌లో 3/5, 3/8లలో పెద్దదానికి సున్నా చుట్టమంటే, రాసిన 28 మందిలో 17 మంది 3/8కి చుట్టారు. చిత్తుప్రతిలో ఇది ఏడో పేరాలో ఒక్క వాక్యంగా ఉంది. దాని వెంటే కారణమూ ఉంది: 'ఇది క్రాసింగ్ సీజన్ కావడం వల్ల విద్యార్థుల హాజరు తగ్గి, ఫలితాలు ఆశించిన విధంగా రాలేదు.'

గద్వాల ప్రాంతం తెలిసినవాళ్లెవరూ ఈ వాక్యాన్ని అనుమానించరు. సీడ్ పత్తి చేలలో సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున మగపువ్వు పుప్పొడి రుద్దాలి. పూత ఉన్నన్నాళ్లూ రోజూ, చేత్తోనే చేయాలి. ఆ పనికి పిల్లల్ని తీసుకెళ్లడం ఈ ప్రాంతంలో ఎన్నో ఏళ్లుగా ఉన్న బాధ. కారణం అంత తెలిసింది కాబట్టే దాన్ని ఎవరూ పరీక్షించరు. మేడం పరీక్షించమన్నారు.

"హాజరు రిజిస్టర్ నీ దగ్గరుంది, స్లిప్ టెస్ట్ పేపర్లూ ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశావామ్మా?"

"లేదు మేడం."

అక్కడే కూర్చుని చూసింది. కాగితాలు మడిచిన ఆ రెండు పీరియడ్లలో ఒక్కటైనా తప్పినవాళ్లు పదిమంది. వాళ్లలో ఆరుగురు తప్పు రాశారు. రెండింటికీ వచ్చినవాళ్లు 18 మంది. వాళ్లలో 11 మంది తప్పు రాశారు. పదికి ఆరు ఒకవైపు, పద్దెనిమిదికి పదకొండు ఇంకోవైపు. రెండూ ఇంచుమించు ఒకటే. బడికి రాకపోవడమే కారణమైతే వచ్చినవాళ్లు ఇంతకంటే బాగా రాయాలి కదా.

ఆమె మొహంలో ఇబ్బంది కనిపించింది. నాకు మాత్రం వ్యాసం అక్కడే మొదలైందనిపించింది. ఆలోచన అనేది సందిగ్ధంలో, తడబాటులో మొదలవుతుందని జాన్ డ్యూయీ 1910లోనే చెప్పాడు. ఏడో పేరాలో దాక్కున్న ఆ తడబాటు ఇప్పుడు మొదటి పేరాకి రావాలి. పిల్లలు తరగతిలో సరిగ్గా చెప్పి పరీక్షలో ఎందుకు తప్పారు? హాజరు కాకపోతే మరేమిటి?

సమాధానం ఆమెకు తన లెసన్ ప్లాన్‌లోనే దొరికింది. తరగతిలో అడిగినవన్నీ సగం, పావు, ముప్పావు. పావుకిలో టమాటలు కొనే పిల్లకి పావు కన్నా సగం పెద్దదని తెలియడానికి హారం చూడాల్సిన పనిలేదు. అంటే తరగతిలో వచ్చిన సరైన జవాబులు భిన్నం అర్థమైందనడానికి రుజువు కావు. ఇంటి దగ్గర తెలిసిందే వాళ్లు చెప్పారు. 3/5, 3/8 దగ్గరికి వచ్చేసరికి ఇంటి జ్ఞానం పనికిరాలేదు. అప్పుడు వాళ్లకు తెలిసిన ఇంకో నియమాన్ని, పూర్ణాంకాల నియమాన్ని వాడారు. ఎనిమిది ఐదు కన్నా పెద్దది.

"ఇది నీ ఊహ. పిల్లలని అడిగావా?" అన్నారు మేడం.

ఆ అడగడం చూడాలని తర్వాతి వారం నేనూ ఆ బడికి వెళ్లాను. తప్పు రాసిన ఒక పిల్లని వరండాలో కూర్చోబెట్టుకుని, ఎందుకు 3/8కి చుట్టావని ఈమె అడిగింది. "ఎనిమిదే పెద్దది గదా టీచర్" అంది ఆ పిల్ల, ఇందులో అడగడానికేముందన్నట్టు. ఈమె సరిదిద్దలేదు. ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలిచ్చి, స్కేలుతో ఒకదాన్ని ఐదుగా, ఇంకోదాన్ని ఎనిమిదిగా గీతలు పెట్టించి, రెండింట్లోనూ మూడేసి ముక్కలకు రంగు వేయమంది. ఎనిమిది గీతల పట్టీకి రంగు వేస్తూ మూడో ముక్క దగ్గర ఆ పిల్ల ఆగింది. రెండు పట్టీలూ అంచులు కలిపి పెట్టుకుంది. "దీంట్ల ముక్కనే చిన్నగైంది టీచర్" అంది. ఈమె ఆ మాటను అదే యాసలో నోట్‌బుక్‌లో రాసుకుంది. పాఠం ఎలా చెప్పానన్న పేరాలన్నిటి కన్నా ఈ ఒక్క మాట వ్యాసానికి ఎక్కువ బలమిస్తుంది.

కొత్త చిత్తుప్రతి మొదటి పేరా ఇలా వచ్చింది: 'సగం, పావులతో చెప్పిన నా పాఠంలో పిల్లలు ఇచ్చిన సరైన జవాబులను నేను అవగాహనగా పొరబడ్డాను. స్లిప్ టెస్ట్‌లో 28 మందికి 17 మంది హారం పెద్దదైతే భిన్నం పెద్దదనుకున్నారు. దీనికి గైర్హాజరు కారణం కాదని, నేను ఎంచుకున్న ఉదాహరణలే కారణమని ఈ వ్యాసంలో వాదిస్తాను.' ఇందులో తేదీ లేదు, స్వాగతం లేదు. పేరాల మొదటి వాక్యాలు చదివితే ఒక్కొక్కటీ ముందుదానికి జవాబో, అభ్యంతరమో అవుతోంది. బడి ఎక్కడ, తరగతి ఏది, ఎన్ని పీరియడ్లు అనేవి నాలుగు వాక్యాల్లో అయిపోయాయి. పాత ప్రతిలో వాటికే రెండున్నర పేజీలు పట్టింది.

మిగతావాళ్ల దగ్గర వేరే చిక్కులు కనిపించాయి. కొందరు గిబ్స్ 1988లో చెప్పిన ఆరు మెట్లను శీర్షికలుగా పెట్టుకున్నారు. వర్ణన, భావాలు, మూల్యాంకనం, విశ్లేషణ, ముగింపు, కార్యప్రణాళిక. పేర్లు చూస్తే విశ్లేషణలా ఉంటుంది. తీరా చదివితే వర్ణన కింద మూడు పేజీలు, విశ్లేషణ కింద ఐదు వాక్యాలు. శీర్షికలు మారినా రాత మారలేదు. ఇంకొందరు తమను తాము నిందించుకున్నారు. సరిగ్గా చెప్పలేకపోయాను, ఓపిక చాలలేదు అని. నిజాయితీ ఉంది, కానీ ఏ తప్పు ఏ ఫలితానికి దారితీసిందో లేదు.

మన్ననూరు వైపు ఆశ్రమ పాఠశాలలో చెబుతున్న ఒక అబ్బాయి వ్యాసం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. చెంచు పిల్లలు సహజంగా బిడియస్తులు కాబట్టి జవాబులు చెప్పలేదని రాశాడు. ఒక వాక్యంలో ఒక తెగ మొత్తం మీద తీర్పు చెప్పి ముందుకు వెళ్లిపోయాడు. ఎవరు అడిగినప్పుడు మాట్లాడలేదు, ఎలాంటి ప్రశ్నకి మాట్లాడలేదు, జతలుగా కూర్చోబెడితే మాట్లాడారా అని మేడం అడిగారు. అడవి, తేనె గురించి పాఠం వచ్చిన రోజు ఇద్దరు ఆపకుండా మాట్లాడారని అతను గుర్తు చేసుకున్నాడు. అది వ్యాసంలో లేదు, ఎందుకంటే ఆ రోజు వేరే వారంలో ఉంది. వారాల వారీగా రాస్తే పక్కపక్కన పెట్టి పోల్చాల్సిన రెండు రోజులు దూరమైపోతాయి. పిల్లల మీద ముద్రలు వేసే రాత బడిలోకి వెళ్లకముందే ఇక్కడే ఆగాలి. ఈ పని ఇంత పట్టుబట్టి చేయించాల్సిందేనని నేను నమ్మింది అందుకే.

గద్వాల అమ్మాయి వ్యాసం ఇంకా పూర్తవలేదు. మేడం చివరి అభ్యంతరం బలమైనది. ప్రశ్నలో ఉన్నవి రెండే భిన్నాలు. ఏమీ తెలియకుండా చుట్టినా సగం మందికి సరైన జవాబు వస్తుంది. కాబట్టి సరిగ్గా రాసిన 11 మందికీ అర్థమైందని అనలేం. పైగా 28 మంది ఉన్న ఒకే తరగతిని చూసి గైర్హాజరు వల్ల నష్టమే లేదని చెప్పడానికీ కుదరదు. ఈ ఒక్క తప్పుకు అది కారణంగా కనిపించడం లేదని మాత్రమే చెప్పగలదు. ఆ పరిమితిని వ్యాసంలోనే రాయమన్నారు.

బడి నుంచి బయల్దేరేముందు ఆమె కొత్త స్లిప్ టెస్ట్ తయారుచేయడం చూశాను. 3/5, 3/8 అలాగే ఉంచింది. వాటి కింద 1/3, 5/6 చేర్చింది. హారం చిన్నదైతే భిన్నం పెద్దదని బట్టీపట్టిన పిల్ల మొదటిది సరిగ్గా రాసి రెండోదాని దగ్గర దొరికిపోతుంది. మూడోదిగా 2/7, 5/7 పెట్టింది, హారం ఒకటే అయినప్పుడు ఏం చేస్తారో చూడటానికి. ప్రతిదాని పక్కన ఒక గీత గీసి 'ఎందుకు?' అని రాసింది. హెడ్మాస్టర్ గారు సోమవారం రెండో పీరియడ్ ఇచ్చారు. చేలకు వెళ్లిన పిల్లలు తిరిగొచ్చాక వాళ్లకూ అదే పేపర్ ఇవ్వడానికి విడిగా పది కాపీలు పక్కన పెట్టుకుంది.