హాజరు పాట

మా వారితో పదవ తరగతి చదివిన వారందరు ఇరువది యేండ్ల తరువాత, 2025వ సంవత్సరము సంక్రాంతి పండుగలలో, ఆ పాతబడిలోనే కలిసికొన నిశ్చయించిరి. నలువది యిద్దరిలో ముప్పది యొక్కరు వత్తుమనిరి. ఆ దినమున అందరును గలిసి పాడుటకొక పాట కావలెనని వారికి దోచినది. మా వారు గణితోపాధ్యాయులు. పాట మాట వచ్చునప్పటికి మా వంక చూచిరి. మేము బడిగడప త్రొక్కినవారము గాము. తాతగారి యొద్ద భారత భాగవతములు చదువుకొంటిమి. ఆ బలముచేత సరేయంటిమి.

మొదట మేము చేసినది పొరపాటు. ఒక సీసపద్యము వ్రాసి, మురిసి, మా వారికి చదివి వినిపించితిమి. వారు వినిరి గాని, "బాగున్నది. దీనిని ముప్పదిమంది యొక్కసారి యెట్లు పాడుదురు?" అనిరి. సమాధానము చెప్పలేకపోతిమి. పద్యమునకు నడక గలదు గాని తాళపు కట్టుబాటు లేదు. చదువువారు తమకు నచ్చినచోట రాగము దీయుదురు. అది యొక్క గొంతునకు సొగసు, పదిగొంతులకు గందరగోళము. పదుగురు కలిసి పాడవలెనన్న మాత్రల లెక్క సమముగా నుండి, చప్పట్లకు లొంగవలెను.

అందుచేత రగడ నడకను బట్టితిమి. పాదమునకు నాలుగు మాత్రల గణములు నాలుగు. గణమున కొక చప్పట్లు. ముత్యాలసరముల మూడు నాలుగు మాత్రల నడక మాకెక్కువ యిష్టమే గాని, అలవాటు లేని చేతులు దానియందు తడబడును. మోహనరాగపు ఛాయలో, షడ్జము మొదలు పంచమము దాటకుండ స్వరమును గూర్చితిమి. ఆడువారును మగవారును తమతమ స్థాయిలలో దానిని అందుకొనవచ్చును. ఒక్కరు చరణమును బాడుదురు, తక్కినవారు పల్లవి మాత్రమే యెత్తుకొందురు. కాబట్టి వారు కంఠస్థము చేయవలసినది రెండు పాదములే. పల్లవి యిది:

కదలక పిలుపును గమనించండీ
బదులిడి యొక్కొక బల్లకు రండీ

హాజరుపట్టీ చదువుటయే పాటకు ఎత్తుగడ. నలువది యిద్దరికిని చరణములు వ్రాసినచో విసుగు పుట్టును. ఆరు చాలుననుకొంటిమి. చప్పట్లు లెక్కించి చూడగా రెండున్నర నిమిషములలో ముగియునని తేలినది.

ఇక పరిహాసములు. వీనికై మా వారిని పదిదినములు ప్రశ్నించితిమి. ఆ బడిలో గంటకు బదులు వేపచెట్టునకు రైలుపట్టా ముక్కయొకటి వ్రేలాడుచుండెడిదట. ఒక పిల్లవాడొకనాడు అరగంట ముందుగనే దానిని బాదగా, ప్రధానోపాధ్యాయులే గొడుగు తీసికొని యింటికి బోయిరట. ఆ పిల్లవాడిప్పుడు గూడ్సుబండికి గార్డు.

పట్టా ముక్కను బాదిన వాడా
గట్టిగ బడినే కదిపిన వాడా
పట్టాలే నిను పట్టిన వనగా
పెట్టెల బండికి పెద్దవు నీవే

ఇట్టిదే మరియొకటి వ్రాసి కొట్టివేసితిమి. లెక్కలలో మూడుసార్లు తప్పిన యొక స్నేహితునిమీద మంచి ప్రాస కుదిరినది. కాని ఆయన పదియేండ్ల కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చుచున్నారని తెలిసినది. ఇరువది యేండ్లనాడు బల్లమీద నవ్వించిన మాట బిడ్డ యెదుట నవ్వింపదు. మనుష్యుడు తాను చేసిన చిలిపిపనికి నవ్వగలడు గాని, తనకు జరిగిన దానికి నవ్వుట కష్టము. ఈ భేదము తోచిన పిదప, ప్రతి చరణమును ముందుగా ఆ మనిషికే ఫోనులో వినిపించితిమి. వెంటనే నవ్విన వారిది ఉంచితిమి. క్షణమాగి "పరవాలేదు లెండి" అన్నవారిది తీసివేసితిమి.

హాజరుపట్టీలో పందొమ్మిదవ సంఖ్య యొక చిక్కు తెచ్చినది. ఆ బాలుడు పరుల గొంతులను అనుకరించుటలో దిట్ట. ఆలస్యమైన స్నేహితుల పేరు పిలిచినప్పుడు వారివారి గొంతులతో తానే "హాజరండీ" అనెడివాడట. గార్డుగారి కొరకు పలికినన్నిసార్లు ఎవ్వరికొరకును పలుకలేదట. ఏడేండ్ల క్రిందట వ్యాధిచే మరణించెను. తల్లి ఆ యూరిలోనే యున్నది. ఆమెను గూడ పిలిచిరి.

ఆ సంఖ్యను విడిచిపెట్టుడని కొందరు, పటము పెట్టి మౌనము పాటింతమని కొందరు అనిరి. మాకేదియు నిశ్చయింప నధికారము లేదు గనుక, మా వారితో గూడ ఆ తల్లి యింటికి బోయి యడిగితిమి. ఆమె చేటలో మినుములు చెరుగుచుండెను. చేట క్రింద బెట్టి, "మా యింట్లో వాడి పేరు ఎవ్వరూ ఎత్తరమ్మా, నేను ఏడుస్తానని. ఏడిస్తే ఏడుస్తాను. వాడి పేరు పిలవండి" అన్నది.

ఆ రాత్రియే చరణము వచ్చినది. పిలిచిన పిదప నాలుగు చప్పట్లకాలము మాట యుండదు, తరువాత నిది:

పందొమ్మిదవది పలుకక యున్నది
అందరి పిలుపుల కాడిన గొంతది
ఎందరి బదులో యిచ్చెను నేస్తము
అందర మిప్పుడె హాజరటందము

ఎవరి యూరిలో వారుండి అభ్యాసము చేయవలసివచ్చినది. మొదట ఫోనులో అందరు నొక్కసారి పాడజూచిరి గాని, ఒకరి గొంతు మరియొకరికి ఆలస్యముగా జేరుటచే చప్పట్లు వడగండ్లవలె చెదరినవి. మేము ఒంటిగా పాడి వాట్సప్పులో పంపగా, దానిని వినుచు ఎవరికి వారు నేర్చుకొనిరి.

కనుమ మరునాడు ఆ బల్లలమీద ముప్పదియొక్క మంది యిరుకుగా గూర్చుండిరి. పట్టా ముక్క చరణమునకు గార్డుగారే అందరికంటె బిగ్గరగా నవ్విరి. పందొమ్మిదవ సంఖ్య వచ్చినది. మేమొక మాట చెప్పుట మరచితిమి: మాట ఆగినను చప్పట్లు ఆగరాదని. అందరి చేతులును ఆగిపోయినవి. మా వారొక్కరే మెల్లగా కొట్టుచుండిరి. నాలుగు దాటినవి, ఎనిమిది దాటినవి. చరణము నెత్తవలసిన మా గొంతు పెగలలేదు.

అప్పుడు వెనుకబల్లనుండి సన్నని, ముక్కుతో పలికిన యొక వింతగొంతు "హాజరండీ" అన్నది. గార్డుగారు! ఆ బాలుడు పూర్వము తనకొరకు పలికిన గొంతుతోనే వారు పలికిరి. ఒక్కసారిగా అందరును నవ్విరి. నవ్వుచునే కన్నులు తుడుచుకొనిరి. మేము వ్రాసిన నాలుగు పాదములు ఆ గొడవలో సగము వినబడలేదు.

ఆ తల్లి గోడప్రక్క కుర్చీలో గూర్చుండి యుండెను. పాట ముగిసిన పిదప గార్డుగారిని దగ్గరకు బిలిచి, "వాడట్లాగే అనేవాడా, నాయనా?" అని యడిగినది. "అచ్చముగా అట్లే, అమ్మా" అనిరి వారు. "మరొక్కసారి అను" అన్నది.