అంగడి చీటీ

తుడియలూరులో మా ఇంట్లో మాట తెలుగు, చదివేది తమిళం. మేము చదివిందేమో కన్నడ మీడియం. అవ్వ రాసిన జాబులు ఇంట్లో ఎవరికీ చదవను రాదు. "తెలుగు నేర్చుకోవాల" అని ఏండ్లుగా అనుకుంటానే ఉండాము.

జేమ్స్ క్లియర్ 2018లో రాసిన ‘అటామిక్ హ్యాబిట్స్’లో దీన్నే తిప్పి చెప్పినాడు: ఎట్లాంటి మనిషి కావాలో ముందు తేల్చుకోవాల, ఆ మనిషి చేసే చిన్న పని రోజూ చెయ్యాల. తెలుగు రాసే ఇంటివాళ్ళు అంగడి చీటీ తెలుగులోనే రాస్తారు కదా! మేమూ రాస్తా ఉండాము. గ, ర సులువే. క, త దగ్గర చెయ్యి కన్నడకు పోతాది.

టెస్టింగ్ పని మాది, పేరు పెట్టుకుంటే చాలదు. తొందరలో రాసిన చీటీ చూస్తాము. మొన్న ఆరింట్లో నాలుగు తెలుగు. చింతపండు, కందిపప్పు కన్నడ. అంగడాయనకు తెలుగు చదవను రాదు, మేమే చదివి చెప్తాము.