అయిదు నౌకరీలు, ఒకే కాగితం

మొన్న జుమా నమాజ్ చదివి ఇంటికొచ్చేసరికి మా ఆపా బిడ్డ హాల్లో లాప్‌టాప్ ముందేసుకుని కూచుంది. పక్కన పెట్టిన చాయ్ మీద మీగడ కట్టింది. "సలాం మామూ" అని లేచి, మళ్లీ కూలబడింది. ముఖం చూస్తేనే తెలిసిపోయింది, పిల్ల పరేషాన్‌లో ఉందని.

తను మూడేళ్లుగా ఒక ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేస్తోంది. ఆ డెస్క్‌ని బయటి ఏజెన్సీకి ఇచ్చేస్తున్నారట. ఈ నెల జీతమే ఆఖరిది. మా దుల్హాభాయ్ ఇంతెఖాల్ అయ్యాక ఆ ఇంటి ఖర్చంతా ఈ జీతం మీదే నడుస్తోంది.

"ఒక హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీలో అయిదు పోస్టులు పడ్డాయి మామూ. అయిదింటికీ దర్ఖాస్తు పెట్టేస్తా. అయిదు గాలాలేస్తే ఒక్కటైనా తగలదా?"

నేను కాసేపు మాట్లాడలేదు. నాకు వేరే మనిషి గుర్తొచ్చాడు.

నేను చాలా ఏళ్లు ఒక కంపెనీలో మనుషుల్ని తీసుకునే పని చేశాను. ఒకసారి ఒకాయన మా దగ్గర ఖాళీగా ఉన్న ఏడు పోస్టులకీ ఒకే రెజ్యూమె పంపాడు. పంపినవాడికి అవి ఏడు వేర్వేరు తలుపులు. చూసేవాడికి మాత్రం ఒకే పేజీ. ఈమెయిల్ ఒకటే కాబట్టి సాఫ్ట్‌వేర్ అన్నిటినీ ఒకే పేరు కింద చేర్చి చూపిస్తుంది. అకౌంట్స్, అమ్మకాలు, శిక్షణ, స్టోర్స్, ఇలా వరసగా కనిపించేసరికి "ఈయనకే తెలీదు ఏం కావాలో" అనుకుని పక్కన పెట్టేశాను. తర్వాత ఇంకో పని మీద ఆ రెజ్యూమె తెరిచి చదివితే, స్టోర్స్ పోస్టుకి అంతకంటే కాబిల్ మనిషి మాకు దొరకలేదని అర్థమైంది. అప్పటికే ఆ పోస్టు నిండిపోయింది. ఆ తప్పులో సగం నాది, సగం ఆయన పంపిన తీరుది. ఆ బరువు ఇప్పటికీ దిగలేదు.

"ఒకటి, మహా అయితే రెండు పెట్టు బేటీ. ఏవో ముందు హిసాబ్ వేద్దాం" అన్నాను.

"హిసాబ్ ఏముంది మామూ? డేటా అనలిస్టే నాది. కోర్స్ కూడా చేశాను కదా."

మూడు నెలల కోర్సు. దానికోసం అమ్మీ గాజులు తాకట్టు పెట్టింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి నేను వెంటనే ఏమీ అనలేదు. అయిదు ప్రకటనలూ ప్రింట్ తీయించాను. డేటా అనలిస్ట్, ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్, క్లెయిమ్స్ ప్రాసెసింగ్, మెడికల్ ఆఫీసర్, ప్రొవైడర్ నెట్‌వర్క్ ఎగ్జిక్యూటివ్. చివరిది ఏమిటంటే, కంపెనీ తరఫున ఆసుపత్రులతో ఒప్పందాలు, రేట్లు, తగాదాలు చూసుకునే పని.

మొదట దర్వాజా షరతులు చూశాం. కొన్ని షరతులకి మార్కులుండవు. ఉంటే లోపలికి, లేకపోతే బయటికి. మెడికల్ ఆఫీసర్‌కి వైద్య డిగ్రీ కావాలి. మా పిల్లది బీకాం. మిగతా పేజీ చదవకుండానే ఆ కాగితం పక్కన పెట్టేశాం. "రెండేళ్ల అనుభవం ఉంటే మంచిది" లాంటి మాట మాత్రం దర్వాజా కాదు. అది కోరిక. చాలామంది ఈ రెంటికీ తేడా చూడక, తెరిచే ఉన్న తలుపు దగ్గర నుంచి వెనక్కి వస్తారు.

తర్వాత పెన్సిల్ ఇచ్చి, నాలుగు కాగితాల్లోనూ ఉన్న మాటల్ని కొట్టేయమన్నాను. మంచి కమ్యూనికేషన్, ఎంఎస్ ఆఫీస్, టీమ్‌తో కలిసి పనిచేయడం, ఏదైనా డిగ్రీ. తను ఆశ్చర్యపోయింది. "అవన్నీ నాకున్నాయి కదా మామూ!" ఉన్నాయి. అందుకే కొట్టేయాలి. ఒకే ఉద్యోగానికి సరిపోతావా అని చూసేటప్పుడు అవి లెక్కలోకొస్తాయి. కానీ నాలుగింటిలో ఏది ఎక్కువ సరిపోతుందో తేల్చేటప్పుడు, నాలుగింటిలోనూ ఉన్న మాట దేన్నీ పైకి లేపదు, దేన్నీ కిందికి దించదు. అన్నిటికీ సమానంగా మార్కులు కలిపి తేడాని కప్పేస్తుంది, అంతే. కొట్టేశాక ఒక్కో కాగితంలో నాలుగో ఆరో వాక్యాలు మిగిలాయి. అసలు ఉద్యోగం వాటిలోనే ఉంది.

మిగిలిన ప్రతి వాక్యానికీ మార్కు వేసుకోమన్నాను. అసలు తెలియకపోతే సున్నా. చదువుకుని లేదా నేర్చుకుని ఉంటే ఒకటి. జీతం తీసుకుని ఆ పని చేసి ఉంటే రెండు. చేసి, ఫలానా ఫలితం వచ్చిందని లెక్క చూపించగలిగితే మూడు. తప్పనిసరి అన్నవాటికి వచ్చిన మార్కుని రెట్టింపు చేయాలి. "ఉంటే మంచిది" అన్నవాటికి అలాగే ఉంచాలి. చివర్లో మొత్తాన్ని, ఆ కాగితంలో రాగల గరిష్ఠ మార్కులతో భాగించాలి. ఈ భాగాహారం మరిచిపోతే మోసపోతాం. పొడుగ్గా రాసిన ప్రకటనలో ఏవో నాలుగు మాటలు ఎవరికైనా కలుస్తాయి. దాంతో పొడుగు కాగితమే ప్రతిసారీ గెలుస్తుంది.

డేటా అనలిస్ట్‌లో తప్పనిసరివి నాలుగు. ఎస్‌క్యూఎల్ రాయడం, పవర్ బీఐలో డాష్‌బోర్డులు, వేర్వేరు చోట్ల నుంచి డేటా తెచ్చి కలపడం, గణాంక విశ్లేషణ. మొదటి మూడూ కోర్సులో నేర్చుకుంది కాబట్టి తలా ఒకటి. గణాంకాలకి సున్నా. రెట్టింపు చేస్తే ఆరు. కోరికల్లో పైథాన్‌కి సున్నా, ఇన్సూరెన్స్ రంగం తెలియడానికి మూడు. మొత్తం 30కి 9. అంటే 30 శాతం. పిల్ల కళ్లు దించుకుంది. నేను గాజుల మాట ఎత్తలేదు.

క్లెయిమ్స్ ప్రాసెసింగ్‌కి 71 శాతం వచ్చింది. బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీలు చదవడం తనకి రోజూ ఉన్న పనే. ఎంఐఎస్‌కి 52. ఎక్సెల్ బాగా వచ్చు గానీ మాక్రోలు రావు.

నెట్‌వర్క్ కాగితాన్ని తను అసలు పట్టించుకోలేదు. "ఇది మార్కెటింగ్ వాళ్ల పని మామూ" అంటూనే మార్కులు వేసింది. ఆసుపత్రి బిల్లింగ్ తెలియడానికి మూడు. ప్యాకేజీ రేట్ల ఒప్పందాలకి సున్నా. చెల్లింపు తగాదాలు తేల్చడానికి ఒకటి. తెలుగు, ఉర్దూ మాట్లాడటం అన్న కోరికకి మూడు. మొత్తం 21కి 11. ఇదీ 52 శాతమే.

రేట్ల దగ్గర సున్నా ఎందుకని అడిగాను.

"నేను ఒప్పందాలు చేయలేదు కదా."

"కంపెనీ బిల్లులో డబ్బు కోసినప్పుడు ఏం చేసేదానివి?"

"ఒప్పందంలో ఉన్న ప్యాకేజీ రేటు తీసి, వాళ్లు కోసింది తప్పని చూపించి మెయిల్ పెట్టేదాన్ని. మళ్లీ మళ్లీ ఫోన్ చేసేదాన్ని. చాలాసార్లు తిరిగి ఇచ్చేవాళ్లు."

"ఎన్నిసార్లు?"

"రిజిస్టర్‌లో రాసుకున్నాను మామూ. పోయిన ఏడాది నలభై ఆరు ఫైళ్లు పెడితే ముప్ఫై ఒకటికి డబ్బు వెనక్కొచ్చింది."

నేను పెన్సిల్ తీసుకుని తగాదాల దగ్గర ఒకటి కొట్టేసి మూడు వేశాను. రేట్ల దగ్గర సున్నా కొట్టేసి రెండు వేశాను. 21కి 19. అంటే 90 శాతం. మూడేళ్లుగా తను చేసింది ఆ పనే. టేబుల్‌కి ఇవతల కూచుని చేసింది, అంతే తేడా.

ఇక్కడే అసలు సంగతి ఉంది. రెజ్యూమెలో ఆ ముప్ఫై ఒక్క ఫైళ్లూ లేవు. "ఇన్సూరెన్స్ డెస్క్ ఎగ్జిక్యూటివ్, క్లెయిమ్ ఫైళ్లు చూశాను" అని ఒక్క వాక్యం ఉంది. చూసేవాడికి కాగితం మీద లేనిది సున్నాయే. అందుకని హిసాబ్ రెండుసార్లు వేయాలి. కాగితంలో ఉన్నదాన్ని బట్టి ఒకసారి, జిందగీలో చేసినదాన్ని బట్టి ఇంకోసారి. రెండూ ఎక్కడ కలవవో అక్కడ రెజ్యూమెలో ఒక వాక్యం తక్కువైందన్నమాట. దాన్ని రాయాలి. లేనిది రాయమనడం లేదు. జరిగినదాన్ని దాచుకోవద్దంటున్నాను. పక్కన ఇంకో మనిషి కూచుని "ఏం చేసేదానివి" అని అడగడం కూడా ఇందుకే. పేరు లేని పనిని మనం పనిగా లెక్కేసుకోం. ఆడపిల్లలైతే మరీ.

ఈ అంకెల్ని తక్కెడలా నమ్మకూడదు కూడా. మార్కులు వేసింది మన చెయ్యే. పదిలోపు తేడా వస్తే రెంటినీ సమానమే అనుకుంటాను నేను. పైగా ఈ హిసాబ్‌లో జీతం లేదు, రాత్రి డ్యూటీ లేదు, దూరం లేదు. నెట్‌వర్క్ కాగితం అడుగున ఒక వాక్యముంది. నెలలో పది రోజులు జిల్లాల్లో తిరగాలి. అది విని వంటింట్లోంచి ఆపా బయటికొచ్చింది. "ఒంటరిగా ఆడపిల్ల, బస్సుల్లో?" అంది. అది మార్కులకి అందే సవాల్ కాదు. సరిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. రెంటినీ ఒకే అంకెలో కలిపితే ఎందుకు వద్దనుకున్నామో మనకే తెలియకుండా పోతుంది.

తల్లీకూతుళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను మధ్యలో వెళ్లలేదు. చివరికి పిల్లే ఫైసలా చేసింది. మొదట నెట్‌వర్క్, రెండోది క్లెయిమ్స్. ఈ రెండూ పక్కపక్క గదుల్లాంటివి. ఒకే పేరు కింద కనిపించినా చూసేవాడికి ఒకే మనిషి కనిపిస్తుంది. రెండు రెజ్యూమెల్లోనూ తేదీలు, హోదాలు, అంకెలు ఒకటే. ఏది పైన రాశాం అన్నదే తేడా. మొదటిదానిలో వెనక్కి తెచ్చిన డబ్బు పైన, రెండోదానిలో రోజూ చూసిన ఫైళ్లు పైన.

"డేటా అనలిస్ట్?" అంది చిన్నగా.

"ఆ కాగితం పారేయకు. ఒకట్లు ఎక్కడున్నాయో చూసుకో. లోపలికి వెళ్లాక, అదే కంపెనీ క్లెయిమ్‌ల మీద ఎస్‌క్యూఎల్ రాసే అవకాశం అడిగి తెచ్చుకుంటే అవి రెండవుతాయి."

మంగళవారం ఫోన్ వచ్చిందట, నెట్‌వర్క్ వాళ్ల నుంచే. మొదటి సవాల్ ఆ ముప్ఫై ఒక్క ఫైళ్ల గురించి. జవాబ్ చెప్పడానికి తను కాగితం కూడా చూసుకోలేదట. తర్వాత తనే ఏ జిల్లాలో, రాత్రి ఎక్కడ ఉండాలో అడిగి, రాసుకుని, వాళ్ల అమ్మీ ముందు పెట్టింది. ఇంటర్వ్యూ వచ్చే సోమవారం. ఆపా ఇంకా అవునని అనలేదు. తాకట్టు రసీదు మాత్రం బీరువాలోంచి తీసి, తేదీ చూసి, మళ్లీ లోపల పెట్టింది.