సంగటి కెలికే చేయి

కళ్యాణదుర్గం పక్కన మా చిన్నాయన కొడుకు పొద్దున్నే సంగటి కెలుకుతాడు. నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, కాసేపు మగ్గనిచ్చి, ఉండలు లేకుండా కట్టెతో తిప్పాలి. దానికి భుజబలం కావాలి. ఆయన పిల్లలకు డబ్బాలు కడుతుంటే మా వదిన బస్సెక్కి తను పాఠాలు చెప్పే సర్కారు బడికి బయల్దేరుతుంది.

ఈ ఏర్పాటుకు కారణం ఆదర్శం కాదు, లెక్క. మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడుతుంది, అదీ అదునుకు రాదు. ఊడలు దిగే సమయంలో వాన మొహం చాటేస్తే శెనక్కాయ చెట్టు పైకి పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కాయ ఉండదు. అన్నకు అలా వరసగా పంటలు పోయాయి, బోరు ఎండింది. సేద్యపు అప్పు వదిన జీతంతోనే తీరింది. ఇంట్లో చిన్నపిల్లలు, మంచాన పడ్డ అమ్మ. ఆయన బెంగుళూరుకు పనికి పోతే అక్కడ గది బాడుగ, ఇక్కడ వీళ్లను చూసే మనిషికి కూలి పోగా మిగిలేదేమీ లేదు.

అయినా పెండ్లిళ్లలో, దేవరల్లో మాటలు తప్పవు. "ఏం అబ్బీ, పెండ్లాం సంపాదన తింటా ఇంట్లోనే ఉండావంటనే?" అంటాడు ఒక మామ. ఆ మామ కొడుకు బెంగుళూరు హోటల్లో వంట చేస్తాడు. డబ్బు పంపుతాడు కాబట్టి ఆ గరిటె గౌరవమైంది. అదే గరిటె సొంతింట్లో పడితే నామోషీ అయింది. మా సీమలో ఇల్లటం అల్లుడికి కొడుకుతో సమానంగా ఆస్తిలో వాటా ఇచ్చిన ఆచారం ఉంది. అత్తారింట్లో ఉన్నా అతను కాడి పట్టాడు, అందుకే విలువ. మగవాడు ఎవరింట్లో ఉన్నాడన్నది కాదు, పొయ్యి దగ్గర ఉన్నాడన్నదే మనవాళ్లకు మింగుడుపడనిది.

2019లో కేంద్రం దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నట్టు తేలింది. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు ఏదో ఒక ఇంటిపని చేసిన మగవాళ్లే నూటికి ఇరవై ఆరుగురు. మా అన్న ఒంటరివాడిగా కనిపించడానికి కారణం ఇదే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వదిన మీద పడే మాటలు. అన్నను ఎగతాళి చేసి ఊరుకుంటారు, ఆమెనైతే నిలదీస్తారు. "మొగుణ్ని పొయ్యి కాడ కూర్చోబెట్టి ఊరేగుతాంది" అన్న పిన్నమ్మకు, ఆమె సాయంత్రం బస్సు దిగి నేరుగా అత్తకు స్నానం చేయించడానికి పోతుందని తెలుసు. ఆ పని ఇంకా వదినదే. అత్త కొడుకు చేత చేయించుకోవడానికి ఒప్పుకోలేదు. పాత్రలు మారాయంటాం గానీ అన్నీ మారలేదు.

మొన్న వాళ్లింటికొచ్చిన చుట్టాలు అన్న వండిన పప్పు తిని, "ఉప్పు తక్కువైంది తల్లీ" అని వదినతో అన్నారు. ఇకమీదట ఆ ఇంటికి పోయేవాళ్లకు నా మనవి ఒకటే: ఉప్పు తక్కువైతే వండిన మనిషికి చెప్పండి.