పాల లెక్క పక్కన ఇంకో లెక్క

మా వంటింటి క్యాలెండర్‌లో పాల ప్యాకెట్ల లెక్క పక్కన పోయిన నెల ఇంకో లెక్క కూడా రాశాను. ఒకే నంబరు నుంచి వచ్చిన ఫోన్ల లెక్క. ఊరి శివార్లలో ప్లాట్లు అమ్ముతున్నామని ఒకబ్బాయి. "వద్దు బాబూ" అని ఎన్నిసార్లు చెప్పినా, సరిగ్గా నేను నడుం వాల్చే వేళకి మళ్ళీ మోగేది.

విసుగొచ్చి ఓ మధ్యాహ్నం ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. లేచి చూస్తే అమ్మ పక్కింటి పిన్నిగారి నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడిందట. మణికట్టు బెణికి ఊరుకుంది కాబట్టి సరిపోయింది. నా మనసు మాత్రం ఊరుకోలేదు.

"బ్లాక్ చేస్తే పోయేదిగా" అన్నారు మావారు. నాకు మోగదు సరే, ఇంకో ఇల్లాలికి మోగుతుందిగా! అందుకే మా సిమ్ కంపెనీకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. బి.ఏ. తెలుగు ఊరుకుంటుందా? మూడు పేజీలు. గృహిణి నిద్ర విలువ, అమ్మ వయసు, నా కన్నీళ్ళు, అన్నీ.

మా అమ్మాయి చదివి, "అమ్మా, చాలా బాగుంది. కానీ ఇందులో నంబరేదీ? తేదీ ఏదీ?" అంది. కోపం ఉంది కానీ, ఆధారం లేదు!

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఇంకో సంగతి తెలిసింది. ఇలాంటి ఫోన్ వచ్చిన ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయాలట. అంటే నెల మొత్తం లెక్కలో చివరి వారానివే పనికొస్తాయి. మళ్ళీ రాశాను:

"అయ్యా, ఒక పది అంకెల మామూలు నంబరు నుంచి జూన్ 12న మధ్యాహ్నం 3.05కి, 13న 2.50కి, 16న 3.10కి ప్లాట్లు కొనమని ఫోన్లు వచ్చాయి. వద్దని మూడుసార్లూ చెప్పాను. ఇలాంటి ఫోన్లకు నేను అనుమతి ఇవ్వలేదు. నంబరు కింద రాశాను. చర్య తీసుకుని, ఫిర్యాదు సంఖ్య తెలపగలరు."

అంతే. ఉత్తరమే అక్కర్లేదట, ఈ వివరాలే 1909కి మెసేజ్ పంపినా చాలట. ఫిర్యాదు మన కంపెనీకే ఇవ్వాలి. ఆ నంబరు వేరే కంపెనీదైతే వీళ్ళే వాళ్ళకి పంపుతారు. ప్రకటనల ఫోన్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలట. మామూలు నంబరు నుంచి అమ్మకాలు చేస్తే అదే తప్పు. ఇదంతా అమ్మకాల ఫోన్ల సంగతే సుమండీ. ఎవరైనా మాయచేసి డబ్బు లాగేస్తే మాత్రం వెంటనే 1930కి చేయాలి.

ఫిర్యాదు సంఖ్య మెసేజ్‌లో వచ్చింది. తర్వాత ఆ నంబరు మళ్ళీ మోగలేదు. మూడు పేజీల ఉత్తరం పారేయలేదు లెండి, బీరువాలో దాచాను. సైలెంట్ మాత్రం తీసేశాను. అమ్మ ఫోన్ చేస్తుంది కదా.